మహారాజశ్రీ నల్లిబొక్క గారికి

మహారాజశ్రీ నల్లిబొక్క గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టలేకపోతున్నాను. మూలుగ ఎముకైన తమరు వడ్డనకు వచ్చిన పంక్తిలో ఎవరో ఒకరు కుశలంగా ఉండరు. ఉత్తరం మూలలకు పసుపు కూడా పూయలేదు, ఎందుకంటే సందర్భం చావు. మర్యాద తగ్గిందని అలగకండి. అలకల విషయంలో తమరి సామర్థ్యం ఏపాటిదో 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ సినిమా చూసినవాళ్లందరికీ తెలుసు.

చావింటి హాస్యాన్ని, అదీ కాస్త చేదు కలిసినదాన్ని ఇష్టపడే ప్రేక్షకుల్లో నేనొకణ్ణి. మా జాతిని చుట్టాలు పెద్దగా ఇష్టపడరు. పరామర్శకు వెళ్లి మేము ఏడ్చేవాళ్ల కంటే ఏడ్చేవాళ్లను గమనిస్తున్న వాళ్లను ఎక్కువగా చూస్తాం. అలాంటి సినిమాల్లో కథంతా శవం చుట్టూ తిరుగుతుందని లోకం అనుకుంటుంది. శవానికి అంత పని ఉండదు. దానికి కోరిక లేదు, కోపం లేదు, లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ అసలే లేదు. నవ్వు పుట్టాలంటే ఏదో ఒకటి గట్టిగా కోరుకునే మనిషి ఉండాలి, ఆ కోరిక నోటితో అడగరాని చోట అతను ఇరుక్కోవాలి. చావింట్లో పెద్ద కోరికలకు పెద్ద అడ్డేమీ లేదు. పొలం పంపకం గురించి, అప్పు పత్రాల గురించి పాడె లేవకముందే గుసగుసలాడుకోవచ్చు, అదంతా బాధ్యత కిందికి వస్తుంది. “నా విస్తట్లో బొక్క పడలేదు” అని మాత్రం అనకూడదు. తమరి గొప్పతనం అంతా ఆ అనకూడనితనంలో ఉంది.

తమరి గిరాకీ వెనుక ఉన్న లెక్క కూడా చెప్పుకోవాలి. మేకకు కాళ్లు నాలుగు. ఒక్కో కాలిలో మూలుగ నిండుగా ఉండే పెద్ద ఎముకలు రెండు. ఎలా కొట్టించినా మేకకు తమరి బోటి వాళ్లు కొద్దిమందే తేలతారు. పంక్తిలో కూర్చున్నవాళ్లలో ఇంటి అల్లుళ్లు, బావలు, బావమరుదులు, వియ్యంకులు, పెద్దరికం ఉందని తమకు తామే అనుకునేవాళ్లు ఆ సంఖ్యను ఎప్పుడో దాటిపోయి ఉంటారు. వడ్డించేవాడు గరిటెను బకెట్ అడుగుకంటా ముంచుతాడు. అది పైకి వచ్చేలోగా పంక్తి అంతా విస్తట్లో అన్నం కలుపుతున్నట్టు నటిస్తూ ఆ గరిటెనే చూస్తుంది. తమరు పక్కవాడి విస్తట్లో పడ్డారంటే అది పొరపాటు కాదు, తీర్పు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు, ఎందుకంటే అడిగినవాడు తిండిపోతు అవుతాడు. ఇంత కచ్చితమైన అవమాన యంత్రాన్ని ఏ కథకుడూ తన బుర్రతో తయారు చేయలేడు. దర్శకుడు వేణు యెల్దండి మన పెరటిలో ఉన్నదాన్ని తీసి చూపించాడు, అంతే.

‘బలగం’లో తమరి పని ఎంత పొందికగా సాగిందో గుర్తు చేస్తాను. అప్పుల్లో మునిగిన సాయిలు తన నిశ్చితార్థం మీద ఆశలన్నీ పెట్టుకున్నాడు, వచ్చే కట్నంతో గట్టెక్కాలని. సరిగ్గా అప్పుడే తాత కొమురయ్య కన్నుమూస్తాడు. మనవడి మొహంలో ముందు కనిపించేది దుఃఖం కాదు, తేదీల లెక్క. సాయిలు పాత్రలో ప్రియదర్శి ఆ లెక్కను దాచుకోవడానికి పడే అవస్థ మొదటి భాగంలోని అసలైన చేదు. ఇక కూతురు, అల్లుడు వస్తారు. అల్లుడు నారాయణ ఎన్నో ఏళ్లుగా ఆ గడప తొక్కలేదు. కారణం ఆస్తి కాదు, హత్య కాదు, పరువు తక్కువ పెళ్లి కాదు. కారణం తమరు. ఒకనాటి విందులో తమరు రావలసిన విస్తట్లోకి రాలేదు. మామ చచ్చిపోయాక ఆయన తిరిగి వస్తే, తినే దగ్గర బావమరిదితో మళ్లీ తమరి పంచాయితీయే. పోయిన మనిషి పేరున పెట్టిన ముద్దను పిట్ట, అంటే కాకి, వచ్చి ముట్టదు. మూడో రోజు ముట్టదు, ఆ తర్వాతా ముట్టదు. పదకొండో రోజు దగ్గరపడుతుంటే ఊరి పెద్దలకు కూడా కంగారు మొదలవుతుంది.

ఇక్కడ నాకు నచ్చిన పనితనం ఒకటుంది. మామూలు చుట్టాల కథల్లో గొడవ ముదిరితే ఎవరో ఒకరు సంచి సర్దుకుని బస్సెక్కుతారు, కథ అయిపోతుంది. దినవారాల కథలో ఆ వీలు లేదు. మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు అని గడువులు ముందే రాసిపెట్టి ఉంటాయి, కొడుకులూ కూతుళ్లూ కదలకూడదు. పొట్లాడుకున్నవాళ్లే మళ్లీ ఒకే పంక్తిలో కూర్చోవాలి, మళ్లీ అదే గరిటె రావాలి. నవ్వుకు కావలసిన ఒత్తిడిని ఆచారమే ఉచితంగా అందిస్తుంది. రచయిత చేయవలసిందల్లా ఆ ఒత్తిడి పోయే సందు తెరవకుండా ఉండడం.

ఆ సందు తెరిచినందుకే నా ఫిర్యాదు. చివర్లో బుడగ జంగాల కళాకారుల పాట వస్తుంది. ఆ పాట గొప్పది, అందులో వాదన లేదు. హాలంతా ఏడ్చింది, ఏడవనివాడి పక్కన కూర్చోవాలంటే నాకే భయం వేస్తుంది. ఊళ్లలో రచ్చబండల దగ్గర తెరలు కట్టి చూపించారని, చూసి మాటల్లేని అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకున్నారని వార్తలు కూడా వచ్చాయి. సంతోషం. కానీ అయ్యా, తమరి సంగతి తేలిందా? అన్నేళ్ల అలకను ఎవరు గెలిచారు? అల్లుడి పట్టు న్యాయమా, బావమరిది పొగరు న్యాయమా? కన్నీళ్ల వరదలో ఆ ప్రశ్న కొట్టుకుపోయింది. సినిమా అంతటినీ మోసింది తమరు, దండ పడింది కాకికి. కాకి తీర్పు ఇచ్చింది, అందరూ ఒప్పుకున్నారు. తమరి పేరు ఆ తీర్పులో లేదు.

ఇది పక్షపాతంతో అంటున్న మాట కాదు. తమరి చుట్టాలకు మిగతా చోట్ల దక్కిన గౌరవం చూడండి. కేరళలో లిజో జోస్ పెల్లిసేరి 2018లో విడుదలైన ‘ఈ.మ.యౌ.’ తీశాడు, చెల్లానం సముద్ర తీరంలోని క్రైస్తవ కుటుంబం కథ. తాగిన రాత్రి కొడుకు ఈషి తండ్రికి మాట ఇస్తాడు, నిన్ను ఘనంగా సాగనంపుతానని. తండ్రి ఆ రాత్రే పోతాడు. అక్కడ తమరి స్థానంలో ఉన్నది శవపేటిక. తాహతుకు మించిన పేటిక, ఇచ్చిన మాటకు కొలతగా తెచ్చిన పేటిక. వాన, తండ్రి రెండో కుటుంబం రాక, చావు మీద పాదిరి అనుమానం, ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ పేటిక విరుగుతుంది. అక్కడితో ఆగి అందరూ కౌగిలించుకుంటే అది వేరే సినిమా. ఈషి తానే గొయ్యి తవ్వడానికి పూనుకుంటాడు. ఘనమైన అంత్యక్రియ అన్న కోరిక చివరిదాకా వదలదు, ఎంత చిన్నదై నలిగిపోయినా. అందుకే అది ముగిశాక కూడా గొంతులో చేదు మిగులుతుంది.

మండ్య వైపు వెళితే కన్నడ ‘తిథి’ ఉంది, రామ్ రెడ్డి తీసినది, 2015లో లొకార్నో పండుగలో తొలి ప్రదర్శన. నటించినవాళ్లు ఆ పల్లె జనమే. నూటొక్క ఏళ్ల సెంచురీ గౌడ పోతాడు. పదకొండో రోజు తిథిలోగా మనవడు తమ్మన్నకు పొలం అమ్మాలి. అడ్డం ఎవరంటే, ఏ ఆస్తీ పట్టని తన తండ్రి గడ్డప్ప. బతికి ఉన్న తండ్రికి మరణ ధ్రువపత్రం పుట్టించడమే తమ్మన్నకు తోచిన దారి. చచ్చినవాడికి విందు, బతికినవాడికి చావు కాగితం. ఆ కాగితం తమరికి వరసకు బావ అవుతుంది, కాకపోతే మూలుగ తక్కువ.

దొరల దేశంలోనూ ఈ మర్యాద ఉంది. ఫ్రాంక్ ఓజ్ తీసిన 2007 నాటి ‘డెత్ ఎట్ ఎ ఫ్యునరల్’లో ఒక మాత్రల సీసా ఉంది. నరాలు నెమ్మదించే మందనుకుని మింగితే మతి చెదిరే మందు అని తేలుతుంది, మింగినవాడు బట్టలు లేకుండా కప్పెక్కుతాడు. చివర్లో ఒక కొడుకు లేచి తండ్రి గురించి కదిలించేలా మాట్లాడతాడు, గొడవ చల్లారుతుంది. అచ్చం మన పాట చేసిన పనే. కానీ ఆ దర్శకుడు అక్కడ సీసాను మరిచిపోలేదు. కళ్లు తుడుచుకున్న తర్వాత ఆ మాత్ర ఇంకొక ముసలాయన నోట్లో పడిందని చెప్పి, ఆయన్నూ కప్పు మీదికి ఎక్కించి వదిలాడు. సినిమా ఎలాంటిదో నేను పట్టుకునేది అక్కడే. ఏడుపు అయ్యాక ఆ వస్తువు మళ్లీ కనబడిందా లేదా అని చూస్తాను. కనబడితే దర్శకుడికి తన కథలోని మనుషులు గుర్తున్నారు. కనబడకపోతే పరామర్శకు వచ్చినవాళ్లు మెచ్చుకుంటారని భయపడ్డాడు.

రెండో ప్రమాదం కూడా ఉంది, తమరికి తెలియాలి. కొందరు దర్శకులు చేదు పెంచాలని చిన్న వస్తువు స్థానంలో పెద్ద నేరం పెడతారు. అలక హత్య అవుతుంది, చుట్టం విలన్ అవుతాడు. అప్పుడు ప్రేక్షకుడు నవ్వడం మానేసి ఎవరు దొరుకుతారో అని చూస్తాడు. మన బావను చూసి నవ్వగలం, ఎందుకంటే రేపు ఆ పంక్తిలో మనమూ కూర్చుంటాం. హంతకుణ్ణి చూసి అలా నవ్వలేం. తమరి పరిమాణం పెరగకూడదు. విస్తట్లో పట్టేంత ఉండాలి, తరం మారినా అరగకూడదు.

కాబట్టి నా విన్నపం ఇది. రాజీ పడిన ఆ ఇంట్లో ఏడాది తిరిగేసరికి కొమురయ్య సంవత్సరీకం వస్తుంది. కాకికి పెడతారు, ఈసారి అది చటుక్కున ముట్టిందనుకుందాం. ఏడుపులు లేవు, పాట లేదు, అందరూ మంచివాళ్లే. పందిట్లో పంక్తి వేస్తారు. ఏడాది క్రితం కావలించుకున్న బావ, బావమరుదులు పక్కపక్కనే కూర్చుంటారు, వడ్డించేది సాయిలు. మేక ఒకటే కోశారు, చుట్టాలు మాత్రం సినిమా చూసి రెట్టింపు వచ్చారు. బకెట్ అడుగున తమరు ఒక్కరే మిగిలారు. సాయిలు గరిటె ముంచి పైకి తీసి, ఇటు చూశాడు, అటు చూశాడు. బావ “ఆయనకు వెయ్యి” అన్నాడు. బావమరిది “ఫర్వాలేదు, ఆయనకే వెయ్యి” అన్నాడు. ఇద్దరూ చూపు గరిటె మీద నుంచి తిప్పలేదు.

ఆ సినిమాకు తమరి డేట్లు ఎప్పుడు దొరుకుతాయో తెలియజేయగలరు.

ఇట్లు,
పంక్తి చివర కూర్చుని ఎప్పుడూ మెడ ముక్క మాత్రమే దక్కించుకునే
ఒక ప్రేక్షకుడు