సవరణ: కూరగాయల పెట్టెలో కోత రోజు

“ఆదివారం ఉదయమే కోసినవన్నారు కదా, మరి వంకాయ తొడిమ అప్పటికే ఎందుకు ముడుచుకుపోయింది?” అని మా కూరగాయల పెట్టె అందుకున్న ఒకరు అడిగారు.

మా పర్లాకిమిడి రైతు బృందం పోయిన వారం పెట్టిన ప్రకటనలో “అన్నీ ఆదివారం కోతే” అని రాయడం తప్పు. కోత పుస్తకం చూడకుండా నేనే రాశాను. ఆ పుస్తకం ప్రకారం ఆదివారం తెల్లవారుజామున కోసేవి తోటకూర, పాలకూర, కొత్తిమీర మాత్రమే. వంకాయ, బెండకాయ, బీరకాయ శనివారం సాయంత్రం ఎండ తగ్గాక కోసి, తడి గోనె కప్పి నీడలో ఉంచుతాం కనుక, పెట్టె మీ ఇంటికి చేరేసరికి వంకాయ తొడిమ కొంత వాడుతుంది. కాయ నొక్కితే గట్టిగా ఉండి, తొక్క నిగనిగలాడుతుంటే అది తాజాదే. గుమ్మడికాయ మాత్రం కోసి పది రోజులు ఆరబెట్టినదే వస్తుంది, లేకుంటే నిల్వ ఉండదు.

ఆర్డరు గడువు కూడా శనివారం కాదు, శుక్రవారం రాత్రి 8 గంటలు, ఎందుకంటే ఎంత కోయాలో ఆర్డర్ల లెక్కను బట్టే శనివారం ఉదయం తోటలకు చెబుతాం. పేరు, వీధి, పెట్టెల సంఖ్య వాట్సాప్‌లో పంపండి. మేము ఖాయం చేసిన తరువాతే డబ్బు చెల్లించండి. పాతపట్నం వారికీ ఇదే గడువు.