ఫిర్యాదు చేతులు మారితే పంపినవారి పేరు ఎందుకు మారాలి?

హైదరాబాద్‌లో కళాశాల, ఆసుపత్రి, అపార్ట్‌మెంట్ సంఘం, ప్రభుత్వ కార్యాలయం ఏదైనా తీసుకోండి. తమది కాని ఫిర్యాదు మెయిల్‌లో వచ్చినప్పుడు అక్కడి సిబ్బంది చేయి వెళ్లేది చాలావరకు ఒకే బటన్ మీదికి: ఫార్వర్డ్. ఆ పనికి అది సరైన బటన్ కాదు. సొంత మాట ఏమీ జోడించకుండా లేఖను సంబంధిత విభాగానికి అప్పగించడమే ఉద్దేశమైతే చేయవలసింది రీడైరెక్ట్, అంటే పంపినవారి పేరు, తేదీ మారకుండా లేఖను ఉన్నదున్నట్టు ముందుకు పంపడం. ఈ రెండింటికీ తేడా సాంకేతిక నిపుణుల చాదస్తమని కొట్టిపారేసేవారు, చివరికి ఆ మెయిల్ తెరిచే గుమాస్తా తెర మీద ఏమి కనిపిస్తుందో ఒకసారి చూడాలి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉంటున్న డిగ్రీ విద్యార్థిని మార్కుల మెమోలో తండ్రి పేరు తప్పుగా పడింది. పీజీ ప్రవేశానికి ధ్రువపత్రాల పరిశీలన దగ్గర పడుతోంది. ఆమె 2025 జూన్ 2, సోమవారం రాత్రి మెమో స్కాన్ జతచేసి ప్రిన్సిపాల్‌కు మెయిల్ పంపింది. దిద్దవలసింది కళాశాల కాదు, విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం. గురువారం నాడు ప్రిన్సిపాల్ కార్యాలయ సహాయకుడు ఆ మెయిల్‌ను అక్కడికి ఫార్వర్డ్ చేశాడు.

పరీక్షల విభాగానికి ఇప్పుడు చేరింది విద్యార్థిని రాసిన లేఖ కాదు. కళాశాల రాసిన కొత్త లేఖ. పంపినవారి స్థానంలో ప్రిన్సిపాల్ కార్యాలయం, తేదీ స్థానంలో జూన్ 5, సబ్జెక్ట్ ముందు `Fwd:` అన్న తోక. విద్యార్థిని పేరు, ఆమె రాసిన తేదీ, ఆమె చిరునామా కింద ఎక్కడో సాధారణ అక్షరాలుగా మిగులుతాయి. ఆ అక్షరాలను ఫార్వర్డ్ చేసే మనిషి పంపే ముందు చెరిపేయవచ్చు, మార్చవచ్చు, సగం కత్తిరించవచ్చు. మెయిల్ వ్యవస్థ దానికి అడ్డుచెప్పదు. ఎందుకంటే దాని దృష్టిలో అది ఫార్వర్డ్ చేసినవారి సొంత రచనే.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. పరీక్షల విభాగంలో గుమాస్తా మెమో స్కాన్ మసకగా ఉందని గమనించి, పదో తరగతి ధ్రువపత్రం కూడా పంపమని రిప్లై నొక్కాడనుకుందాం. ఆ జవాబు ప్రిన్సిపాల్ కార్యాలయానికి వెళ్తుంది. అక్కడ సహాయకుడు తన వంతు అయిపోయిందనుకుని మరో పనిలో ఉంటాడు. హాస్టల్‌లో విద్యార్థిని తన ఇన్‌బాక్స్ చూసుకుంటూ కూర్చుంటుంది. గుమాస్తా తన పని సక్రమంగానే చేశాడు, సహాయకుడూ చేశాడు. అయినా జవాబు చేరవలసిన మనిషికి చేరలేదు. వారం తర్వాత ఆమె వెళ్లి అడిగితే ఫైలు కళాశాల దగ్గర ఆగిందని ఒకరు, విశ్వవిద్యాలయం దగ్గర ఆగిందని మరొకరు చెబుతారు. పైగా పరీక్షల విభాగం లెక్కలో ఆమె దరఖాస్తు తేదీ జూన్ 5. మూడు రోజులు ఎవరికీ కనపడకుండా పోయాయి.

అదే మెయిల్‌ను సహాయకుడు రీడైరెక్ట్ చేసి ఉంటే, పరీక్షల విభాగానికి చేరే లేఖ పైభాగం ఇలా ఉంటుంది:

```
Resent-From: principal@college.example
Resent-To: exams@university.example
Resent-Date: Thu, 5 Jun 2025 11:20:00 +0530
From: student@mail.example
To: principal@college.example
Date: Mon, 2 Jun 2025 21:14:00 +0530
Subject: Name correction in marks memo
```

కింది నాలుగు వరుసలు విద్యార్థిని మెయిల్‌లో ఉన్నవే, ఒక్క అక్షరం మారలేదు. చేతులు మారిన సంగతి వాటి పైన `Resent-` అనే మాటతో మొదలయ్యే వరుసలుగా చేరింది. ఇది ఏదో ఒక సంస్థ కనిపెట్టిన సౌకర్యం కాదు. మెయిల్ రూపురేఖలను నిర్ణయించిన 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ప్రమాణ పత్రంలోనే ఈ వరుసలు ఉన్నాయి, 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 వాటి నియమాలను మరింత స్పష్టంగా రాసింది. ఈ వరుసలు సమాచారం కోసం మాత్రమేనని, జవాబు ఎవరికి వెళ్లాలో తేల్చడానికి వాటిని వాడకూడదని అందులో కచ్చితంగా ఉంది. అంటే గుమాస్తా రిప్లై నొక్కితే జవాబు నేరుగా విద్యార్థినికి వెళ్తుంది. రిప్లై ఆల్ నొక్కితే ప్రిన్సిపాల్‌కూ ఒక ప్రతి చేరుతుంది, ఎందుకంటే మొదటి మెయిల్‌లో `To` వరుసలో ఉన్నది ఆయన చిరునామాయే. ఇల్లు మారినవారి ఉత్తరంపై తపాలా ఉద్యోగి కవరు విప్పకుండా కొత్త చిరునామా రాసి పంపడం లాంటిదే ఈ పని.

నన్ను ఈ విషయంలో ఇంత పట్టుదలగా నిలబెట్టేది మాత్రం వేరే సంగతి. విద్యార్థిని మెయిల్ ఆమె వాడే మెయిల్ సేవాసంస్థ సర్వర్ నుంచి బయలుదేరేటప్పుడు దాని మీద డీకిమ్ అనే డిజిటల్ సంతకం పడుతుంది. ఆ సంతకం లేఖ మొత్తానికీ, పంపినవారు, తేదీ, సబ్జెక్ట్ వంటి ముఖ్యమైన వరుసలకూ కలిపి ఉంటుంది. రీడైరెక్ట్ వాటిని ముట్టుకోదు కాబట్టి, సాధారణంగా ఆ సంతకం చివరి గ్రహీత దగ్గర కూడా చెక్కుచెదరకుండా నిలుస్తుంది. పరీక్షల విభాగం జీమెయిల్ వాడుతుంటే, మెయిల్ పక్కనున్న మెనూలో `Show original` నొక్కి విద్యార్థిని సేవాసంస్థ పేరు మీద `dkim=pass` అని ఉందో లేదో చూసుకోవచ్చు. అలా ఉంటే ఆ మాటలు ఆ సర్వర్ నుంచే వచ్చాయని, మధ్యలో ఎవరూ మార్చలేదని అర్థం. కీబోర్డు ముందు కూర్చున్నది ఆమేనా అన్నది సంతకం చెప్పలేదు. కానీ కళాశాల ఒక వాక్యం తీసేసిందా, తేదీ మార్చిందా అన్న అనుమానానికి అది తిరుగులేని జవాబు.

ఫార్వర్డ్ చేసిన మెయిల్‌లోనూ `dkim=pass` కనపడవచ్చు. అక్కడే చాలామంది పొరబడతారు. అది కళాశాల సర్వర్ సంతకం. ఆ మెయిల్‌ను కళాశాల పంపిందని మాత్రమే అది హామీ ఇస్తుంది. లోపల ఉటంకించిన విద్యార్థిని మాటలు నిజమైనవేనని ఎవరూ హామీ ఇవ్వడం లేదు. ఒక మనిషి ఫిర్యాదుకు అతని సొంత సాక్ష్యాన్ని దూరం చేసి, మధ్యవర్తి మాటగా మార్చేసే పద్ధతిని మన కార్యాలయాలు రోజూ ఆలోచించకుండా వాడుతున్నాయి.

రీడైరెక్ట్ చెడిపోయే చోటు కూడా ఇదే. కొన్ని సంస్థల సర్వర్లు బయటికి వెళ్లే ప్రతి మెయిల్ కిందా గోప్యతా హెచ్చరిక అతికిస్తాయి, మరికొన్ని సబ్జెక్ట్ ముందు ఏదో ముద్ర వేస్తాయి. అలా ఒక్క వరుస కలిసినా విద్యార్థిని సేవాసంస్థ వేసిన సంతకం సాధారణంగా చెల్లదు. అప్పుడు ఆమె పేరుతో, కళాశాల సర్వర్ నుంచి, చెల్లని సంతకంతో వచ్చిన మెయిల్ అచ్చం మోసపు మెయిల్‌లా కనిపిస్తుంది. ఆమెది యాహూ చిరునామా అయితే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇలాంటి పరీక్షలో తప్పిన మెయిళ్లను తిరస్కరించమని యాహూ 2014 ఏప్రిల్ నుంచే, తన చిరునామాలతో వచ్చే మెయిళ్లను ఎలా చూడాలో ఇతర సర్వర్లకు చెప్పే డీమార్క్ విధానంలో ప్రకటించింది. మెయిల్ ప్రోగ్రామ్‌లో చేతితో రీడైరెక్ట్ చేసి ఉంటే ఆ తిరస్కరణ సమాచారం కళాశాలకే తిరిగి వస్తుంది, కాబట్టి సహాయకుడికి తెలుస్తుంది. స్పామ్‌లో పడితే మాత్రం ఎవరికీ తెలియదు. అందువల్ల ఈ పద్ధతి మొదలుపెట్టే సంస్థ ముందుగా తన సొంత జీమెయిల్, యాహూ చిరునామాల నుంచి పరీక్ష మెయిళ్లు పంపించి, రీడైరెక్ట్ చేసి, అవతలి వైపు సంతకం నిలిచిందో లేదో చూసుకోవాలి. హెచ్చరిక అతికించే అలవాటును ఇలాంటి మెయిళ్ల విషయంలో ఆపేయాలి.

రీడైరెక్ట్‌కు వ్యతిరేకంగా చెప్పే మాటల్లో బలమైనది ఒకటుంది: పంపిన చేయి కనపడదు. ఇది నిజం. చాలా మెయిల్ ప్రోగ్రాములు `Resent-From` వరుసను మామూలు తెర మీద చూపించవు. తన చిరునామా తెర మీద ఎక్కడా కనపడని మెయిల్ తనకెందుకు వచ్చిందో గుమాస్తాకు అర్థం కాకపోవచ్చు, పొరపాటున వచ్చిందని తీసిపారేయనూ వచ్చు. తన లేఖ ఎవరికి చేరిందో విద్యార్థినికీ తెలియదు. కానీ దీనికి మందు ఆమె పేరును చెరిపేయడం కాదు. సహాయకుడు విద్యార్థినికి, పరీక్షల విభాగానికి కలిపి రెండు వాక్యాల మెయిల్ విడిగా రాస్తే ఈ అభ్యంతరం అక్కడితో తీరిపోతుంది. ప్రిన్సిపాల్ తన సిఫారసు కూడా జోడించాలనుకుంటే అప్పుడు ఫార్వర్డ్ చేయడమే సరి, అది కూడా మూల మెయిల్‌ను అటాచ్‌మెంట్‌గా పెట్టి. అలా పెట్టిన `.eml` ఫైలులో సంతకంతో సహా అన్నీ భద్రంగా ఉంటాయి.

బటన్ ఎక్కడుందన్నది చిన్న విషయమే. ఆపిల్ మెయిల్‌లో, థండర్‌బర్డ్‌లో `Message` మెనూలో `Redirect` ఉంది. అవుట్‌లుక్‌లో వచ్చే మెయిళ్లకు నియమం రాసేటప్పుడు ఫార్వర్డ్, రీడైరెక్ట్ అని రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. వెబ్‌లో జీమెయిల్ తెరిస్తే ఒక్కో మెయిల్‌కు అలాంటి బటన్ లేదు. అక్కడ అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేసి, విద్యార్థిని చిరునామాను కాపీలో చేర్చడం దానికి దగ్గరి మార్గం.

మెయిల్ సంగతి పక్కన పెట్టినా, ఇది మన పాలనకు పట్టిన పాత జబ్బు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చిన మనిషికి చివరికి అందే జవాబు చాలాసార్లు ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అన్న ఒక్క వాక్యమే. ఎవరికి పంపారు, ఏ రోజు పంపారు, జవాబు ఎవరి నుంచి రావాలి అన్నవి అందులో ఉండవు. అర్జీ అధికారుల మధ్య ఉత్తరంగా మారిపోతుంది, అర్జీదారు ఆ ఉత్తరంలో ఒక ప్రస్తావనగా మిగులుతాడు. చేతులు మార్చడాన్నే పని పూర్తయినట్టుగా లెక్కగట్టే అలవాటు ఇది. కంప్యూటర్లు వచ్చాక అది పోలేదు, ఒక్క నొక్కుతో జరిగిపోతోంది.

దీనికి భిన్నంగా ఆలోచించిన చట్టం మన దగ్గరే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం, అడిగిన సమాచారం మరో కార్యాలయానికి సంబంధించినదైతే దరఖాస్తును వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఐదు రోజులు దాటకుండా అక్కడికి బదిలీ చేయాలి. బదిలీ చేసిన సంగతి దరఖాస్తుదారుకు వెంటనే తెలియజేయాలి. దరఖాస్తు ఆమెదిగానే కొనసాగుతుంది, జవాబు ఆమెకే వస్తుంది. మెయిల్‌లో వచ్చే ఫిర్యాదులకు విశ్వవిద్యాలయాలు, పురపాలక సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఇదే నియమాన్ని రాతపూర్వకంగా పెట్టుకోవాలి: ఐదు రోజుల్లో మూల రూపంలో అప్పగింత, అదే రోజు ఫిర్యాదుదారుకు విభాగం పేరుతో సహా సమాచారం, గడువు లెక్క ఆమె మొదటి మెయిల్ తేదీ నుంచి. దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థిని విషయంలో ఆ తేదీ జూన్ 2.