వరసగారికి ఓ విన్నపం

వరసగారికి,

రావులపాలెం నుంచి నమస్కారాలు. తమరి క్షేమం అడగక్కర్లేదు. కాలవ గట్టు మీద సైకిలాపినవాడి దగ్గర్నుంచి కలెక్టరాఫీసు గేటు దగ్గర అర్జీ పట్టుకు నిలబడ్డవాడి దాకా అన్నా, అక్కా, బాబాయ్ అంటూ అందరి నోటా తమరే ఉన్నారు. పూర్వం పెళ్లి పందిట్లోనో, ఆస్తి పంపకాల్లోనో తమరితో పనిపడేదట. ఇప్పుడు షేర్ ఆటోలో, చీరల కొట్లో, మండలాఫీసు వరండాలో కూడా తమరిదే రాజ్యం. ఆ రాజ్యంలో నాకొచ్చి పడ్డ చుట్టాల గురించి నాలుగు ముక్కలు చెప్పుకుందామని ఈ ఉత్తరం.

ముందు తమరి గొప్పతనం ఒప్పుకుంటాను. ఆటో సంగతే చూడండి. ముగ్గురు కూర్చోవాల్సిన వెనక సీట్లో అయిదుగురిని సర్దాలి. డ్రైవరు వెనక్కి తిరిగి, "అక్కా, కాస్త లోపలికి జరగండి. అన్నయ్యగారికి చోటివ్వండి. బాబాయ్, సంచి ఒళ్లో పెట్టుకోండి" అంటాడు. అంతే, ముక్కూమొహం తెలియనివాళ్లం ఒక ఇంటివాళ్లమైపోతాం. ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలినా తప్పు పట్టుకోం. అదే డ్రైవరు "వదినా, బావగారికి చోటివ్వండి" అని చూడమనండి, సగం మంది దిగిపోతారు.

అక్కడే ఉంది తమరి తెలివి. మన చుట్టరికంలో రెండు పక్కలున్నాయి కదా. పెదనాన్న, బాబాయ్, పెద్దమ్మ, పిన్ని పిల్లలు మనకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ. మేనత్త, మేనమామ పిల్లలు వరసైనవాళ్లు, పెళ్లాడొచ్చు. బజార్లో తెలియని మగా ఆడా ఎదురుపడితే తమరు మొదటి పక్క డబ్బాలోంచే మాటలు తీస్తారు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెమ్మ, బాబాయ్, పిన్ని. రెండో డబ్బా మూత తీయరు. ఆడవాళ్లలో ఆడవాళ్లం "వదినా" అనుకుంటాం, మగాళ్లు "బావా", "మావా" అని భుజాలు చరుచుకుంటారు, దానికేం అడ్డులేదు. కానీ కుర్రాడొకడు ముక్కూమొహం తెలియని పెద్దావిణ్ణి "అత్తా" అన్నాడంటే, ఆవిడ ముందు ఇంట్లో ఉన్న పెళ్లీడు పిల్లని తలుచుకుంటుంది. తెలియని మగాడు "అక్కా" అన్నాడంటే పూచీకత్తు రాసిచ్చినట్టే. ఆ కిక్కిరిసిన సీట్లో దాని విలువ నాకు తెలుసండి.

చిక్కల్లా చీరల కొట్లో వస్తుంది. కొట్టు కుర్రాడు గుమ్మం బయటే కాపేసి "రండక్కా, కొనక్కర్లేదు, ఊరికే చూడండి" అంటాడు. పరుపు మీద కూర్చోగానే టీ వస్తుంది. మూడో చీర విప్పేసరికి "మా సొంతక్కకైనా ఇదే చూపిస్తానండి" అన్నాడు. ధర 1,850. నేను 1,200 అన్నాను. "అక్కా, మీ దగ్గర లాభం తీసుకుంటామా?" అన్నాడు. సరేనని 1,300 చేశాను. అక్కడ అక్క పోయి అమ్మ వచ్చింది: "గిట్టదమ్మా." లేచాను. చెప్పుల దాకా వెళ్లేసరికి "మేడం, మీ ఇష్టం." ఒక చెప్పులో కాలు పెట్టగానే వెనక నుంచి "అక్కా! ఆఖరి మాట, 1,500." చివరికి 1,450కి తెగింది. బేరం ఎక్కడిదాకా వచ్చిందో అంకెల్ని బట్టి తెలియదు, పిలుపుని బట్టి తెలుస్తుంది. "అమ్మా" అన్నాడంటే ఇంకా జాగా ఉంది. "మేడం" అన్నాడంటే అంచుకొచ్చాడు. మేడం తర్వాత మళ్లీ అక్క తిరిగొస్తే, ఇక ఓ యాభై కన్నా తగ్గదు, తీసేసుకోవచ్చు.

అయినా అక్కకి తమ్ముడు చీర అమ్మడమేవిటండీ? మన వైపు ఆడపడుచు సంక్రాంతికి పుట్టింటికొస్తే చీర పెట్టి, పసుపు కుంకుమలిచ్చి, వెళ్లేటప్పుడు సున్నుండలు కట్టించి పంపుతారు. తమరి నియమాల ప్రకారమే ఆ 1,450 నాకు తిరిగి రావాలి, పైన జాకెట్టు ముక్క కూడా. తమ్ముడు అవేమీ ఇవ్వలేదు సరికదా, బిల్లు మీద పేరు దగ్గర "క్యాష్" అని రాశాడు. గంటసేపు అక్కని, కాగితమ్మీదకొచ్చేసరికి క్యాష్‌ని. రంగు పోయిందని ఆ చీర పట్టుకెళితే "ఎవరండీ మీకిచ్చింది?" అని అడిగింది కూడా ఆ తమ్ముడే.

ఆఫీసుల్లో తమరి పప్పులంతగా ఉడకవు. 1984లో కరణాల్నీ మునసబుల్నీ తీసేసేదాకా పనున్నవాడు "కరణంగారూ" అని వెళ్లేవాడు. ఇప్పుడు కుర్చీలో ఎవరున్నా "సార్". కంగారులో ఆడ ఆఫీసర్ని కూడా "సార్" అనేస్తారు, ఆవిడా పలుకుతుంది. గుమ్మం దగ్గర అటెండరు మాత్రం తమరి మనిషే. నేనాయన్ని "బాబాయ్" అంటాను, ఆయన నన్ను "చెల్లెమ్మా" అంటాడు. బాబాయ్‌కి చెల్లెలెలా అయ్యానని మేమిద్దరం ఎప్పుడూ అడుక్కోలేదు. నాకు అడంగల్ నకలు కావాలి, ఆయనకి టీ ఖర్చులు కావాలి.

మన గోదారోళ్లకి కోపమొస్తే మర్యాద పెరుగుతుందన్నది తమరికి తెలియంది కాదు. ఆటో ఎక్కేటప్పుడు "ఎంతన్నా?" అన్నవాడు, దిగేటప్పుడు చిల్లర దగ్గర తేడా వస్తే "ఏంటండీ మాస్టారూ, తమరేదో మాట్లాడుతున్నారు" అంటాడు. "తమరు" వినబడిందంటే చుట్టుపక్కలవాళ్లు జరిగి చోటిస్తారు. (ఈ ఉత్తరంలో మొదట్నుంచీ నేను ఏమని పిలుస్తున్నానో తమరు గమనించే ఉంటారు.)

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. తెలియనివాణ్ణి "అన్నా" అనడంలో హాయి ఏమిటంటే, అతని కులం మనకింకా తెలియదు. ఆ హాయి మన డెల్టాలో పది నిమిషాలుంటుంది. "మీదేవూరండీ?" మొదలు. "ఎవరి తాలూకండీ?" తర్వాత. "ఇంటిపేరేంటండీ?" ఆ తర్వాత. దానికీ తేలకపోతే గొంతు తగ్గించి "మీరేవిట్లండీ?" జవాబు దొరికాక అన్న అక్కడ ఉండడు. ఒకాయన "రాజుగారూ" అవుతాడు, ఒకాయన "చౌదరిగారూ" అవుతాడు, ఇంకొకాయన "నాయుడుగారూ" అవుతాడు. కొందరికి అన్న పోయాక దాని స్థానంలో ఏదీ రాదు. అండీ కూడా పలచబడుతుంది.

మా వీధిలోకి కొబ్బరి దింపుకొచ్చే ఆయనకి అరవై దాటాయి. ఎదురింట్లో ఇంటర్ చదివే కుర్రాడున్నాడు, మంచివాడే. ఆటోవాణ్ణి "అన్నా" అంటాడు, జిరాక్సు కొట్టాయన్ని "బ్రో" అంటాడు, నన్ను "ఆంటీ" అంటాడు (అది వేరే ఉత్తరం). ఆ కుర్రాడే మొన్న పెరట్లో నిలబడి చెట్టు పైకి చూస్తూ "ఒరే, అటుపక్క ఇంకో గెలుంది చూడరా" అన్నాడు. చెట్టు మీంచి "ఆయ్, చూశానండి అబ్బాయిగారూ" అని జవాబొచ్చింది.

చీరల కొట్లో తమరి నిల్వలు బోలెడున్నాయి. ఒక రోజు అక్కలు తగ్గినా అమ్మకాలేం ఆగవు. అందులోంచి ఒక్క "బాబాయ్" తీసి ఆ ఎదురింటి పెరట్లోకి పంపించండి. మళ్లీ దింపు రెండు నెలల్లో ఉంది. ఈలోగా చేరితే చాలు.

ఇట్లు,
క్యాష్