లింకులు పెట్టాం కదా అంటారు

వేరే టీమ్‌తో కోడ్ రివ్యూ అంటే, ఇద్దరి క్యాలెండర్లలో ఒక అరగంట కలిసి ఖాళీ దొరకడమే గగనం. తీరా దొరికాక ఇన్వైట్‌లో పెట్టిన లింకులు పనికిరావు.

మొన్నటిదే చూడండి. "రీట్రై లాజిక్ ఇక్కడుంది" అంటూ `blob/main/retry.py#L142` పెట్టారు. ఇన్వైట్ సోమవారం వచ్చింది, మీటింగ్ గురువారం. ఈలోగా ఎవరో ఆ ఫైల్ పైభాగంలో కొన్ని లైన్లు చేర్చి మెర్జ్ చేశారు. తెరిస్తే 142లో లాగింగ్ కోడ్! రీట్రై ఏదీ అని అందరం బుర్ర గోక్కున్నాం. లింక్ కాపీ చేసేముందు గిట్‌హబ్‌లో `y` నొక్కితే `main` స్థానంలో కమిట్ హ్యాష్ వస్తుంది, ఆ తర్వాత ఎవరు ఏం మెర్జ్ చేసినా మనం చూపించిన కోడే కనిపిస్తుంది. ఒక్క కీ నొక్కడానికి ఏమొచ్చింది మహానుభావా!

ఇక డిజైన్ డాక్యుమెంట్. తెరవబోతే అనుమతి అడగమంటుంది. వాళ్ల టీమ్‌కి మాత్రమే షేర్ చేశారు మరి. తమకు తెరుచుకుంటోంది కాబట్టి లోకమంతటికీ తెరుచుకుంటుందని వాళ్ల ధీమా. అనుమతి ఇవ్వాల్సినాయన సెలవులో ఉన్నారు. చివరికి ఒకావిడ స్క్రీన్ షేర్ చేసి పేజీలు తిప్పుతుంటే టైమ్ అయిపోయింది. అసలు కోడ్ వచ్చేవారం చూస్తారట, ఖాళీ దొరికితే.