లెక్క సరిచూసే సిస్టర్లతో వార్డుకి ముప్పు

పిల్లల వార్డుల్లో ఈమధ్య ఒక చెడ్డ అలవాటు పాకుతోంది, ఇప్పుడే తుంచకపోతే రేపు ఐసీయూకి కూడా అంటుకుంటుంది కాబట్టి రాయక తప్పట్లేదు. కొంతమంది సిస్టర్లు చార్ట్‌లో రాసిన డోసుని సిరంజిలోకి లాగేముందు చిన్న కాగితమ్ముక్క తీసుకుని లెక్క వేస్తున్నారు. చార్ట్‌లో డాక్టర్ గారి సంతకం ఉంది, ఇచ్చిన సిస్టర్ సంతకం ఉంది, పక్కన చెక్ చేసిన సిస్టర్ సంతకం కూడా ఉంది, అయినా సరే వేస్తున్నారు. అంటే అర్థమేంటి, మూడు సంతకాల మీద నమ్మకం లేదనేగా. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అనలేదు పెద్దలు.

నా వాదన అర్థం కావాలంటే ఒక కేసు వివరంగా చెప్పాలి. ఎనిమిది నెలల పాప, యూరిన్ ఇన్‌ఫెక్షన్, బరువు 8 కేజీలు. ఆర్డర్ ఇలా ఉంది: అమికాసిన్ రోజుకి కేజీకి 15 ఎంజీ, రెండు డోసులుగా విడగొట్టి, 12 గంటలకోసారి. ఎనిమిది పదిహేన్లు 120, అది రోజు మొత్తానికి, అందులో సగం 60 ఎంజీ ఒక డోసు. ఇక్కడిదాకా ఎవరికీ గొడవ లేదు. వార్డులో ఉన్న వయల్ మీద 250 ఎంజీ, 2 ఎంఎల్ అని ఉంది, అంటే ఒక ఎంఎల్‌లో 125 ఎంజీ, 60ని 125తో భాగిస్తే 0.48 ఎంఎల్. మొదటి రోజు సిస్టర్ ఇదంతా చక్కగా వేసి చార్ట్‌లో 60 ఎంజీ, బ్రాకెట్లో 0.48 ఎంఎల్ అని రాసింది. పాపం కొత్తమ్మాయి, ఉత్సాహం.

రెండో రోజుకి షీట్ నిండిపోయింది, కొత్త షీట్ మీదకి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు అనవసరమైనవన్నీ వదిలేయడం మన సంప్రదాయం కదా, అలా 60 ఎంజీ రాలిపోయి "అమికా 0.48 ఎంఎల్ బీడీ" అని మిగిలింది, బీడీ అంటే రోజుకి రెండుసార్లు. ఎంత అందంగా ఉందో చూడండి, సూటిగా, భాగహారం బాధ లేకుండా. ఎంజీ అనేది డాక్టర్ల గొడవ, సిరంజి మీద ఉండేది ఎంఎల్ గీతలే.

మూడో రాత్రి వార్డులో 250ది అయిపోయింది, ఫార్మసీలో అడిగితే అక్కడా లేదు, 500 ఎంజీది పంపారు. ఇందులో తయారీ కంపెనీల తెలివికి దండం పెట్టాలి, మన దగ్గర అమికాసిన్ 100 ఎంజీదీ 2 ఎంఎల్‌లోనే వస్తుంది, 250దీ 2 ఎంఎల్‌లోనే, 500దీ 2 ఎంఎల్‌లోనే. సీసాలో నీళ్లు అంతే, మందు మాత్రం రెట్టింపు. రాత్రి రెండింటికి డిమ్ లైట్‌లో ఆ చిన్న అక్షరాలు చదవాలని పట్టుబట్టేవాళ్లని నేను చాదస్తులంటాను. చార్ట్‌లో 0.48 అని ఉంది, 0.48 లాగారు, ఇచ్చారు. ఆ 0.48లో ఇప్పుడున్నది 60 కాదు, 120 ఎంజీ. రోజుకి రెండుసార్లు కాబట్టి 240. కేజీకి 30.

ఏమైనా అయిందా అని అడుగుతారు. అదేకదా మన సిస్టమ్ గొప్పదనం, ఏమీ కనపడదు. జ్వరం తగ్గుతుంది, పాప పాలు తాగుతుంది, ఒంటిమీద దద్దుర్లు రావు. ఈ మందు ఎక్కువైతే దెబ్బతినేవి కిడ్నీలూ లోపలి చెవీ, క్రియాటినిన్ పెరగడం కొన్ని రోజులకిగానీ తెలియదు, అదికూడా ఎవరైనా రక్తం తీసి పంపితేనే. ఇక చెవి సంగతి, పెద్దవాళ్లయితే గుయ్యిమంటోంది డాక్టర్ గారూ అని మొర పెట్టుకుంటారు, ఎనిమిది నెలల పిల్ల కంప్లైంట్ చేయదు. రోగి నోరు విప్పకపోతే వార్డు ఎంత ప్రశాంతంగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఈ ప్రశాంతతని చెడగొట్టింది నాలుగో రోజు పొద్దున డ్యూటీకి వచ్చిన సిస్టర్. ఆవిడ వెనకనుంచి లెక్క మొదలుపెట్టింది. అందరం బరువు నుంచి మొదలై ఎంఎల్‌కి వస్తాం, ఆవిడ ఎంఎల్ నుంచి మొదలై బరువుకి పోయింది. చేతిలో ఉన్న వయల్ చూసి 500ని 2తో భాగించింది, ఎంఎల్‌కి 250 అని తేల్చింది, తర్వాత 0.48 × 250 ÷ 8 అని వేస్తే 15 వచ్చింది. పక్కనున్న సీనియర్ ఆర్డర్ చూసి "పదిహేనేగా రాశారు, సరిపోయిందిగా" అన్నారు, అక్కడితో అయిపోవాల్సింది. ఆర్డర్‌లోనూ 15, లెక్కలోనూ 15, ఇంతకన్నా ఏం కావాలి. ఆవిడ ఊరుకుందా, "మేడమ్, ఆర్డర్‌లో పదిహేను రోజుకి, నాకు వచ్చిన పదిహేను ఒక్క డోసుకి, ఏడున్నర రావాలి కదా" అంది. చూశారా ఆ నోరు. పైగా కేజీకి 15 రోజుకి ఒక్కసారే ఇచ్చే పద్ధతి కూడా ఉంది, చాలాచోట్ల ఇప్పుడు అలాగే ఇస్తున్నారు, కాబట్టి ఆ అంకె చూసి ఎవరికీ కళ్లు బైర్లు కమ్మవు. తప్పు డోసు కూడా పుస్తకంలో ఉన్న అంకెలాగే ఉంటే ఎంత మర్యాదగా ఇమిడిపోతుందో. కానీ "రోజుకి" అనే ఒక్క మాట పట్టుకుని ఆవిడ డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది, డోసు ఆపారు, కిడ్నీ టెస్టులు పంపారు, మూడు షిఫ్టుల వాళ్లని పిలిపించారు. మొత్తం వార్డుకి మనశ్శాంతి పోయింది.

అంతటితో ఆగినా బావుండేది. ఆ 8 కేజీలు ఎక్కడినుంచి వచ్చాయని అడిగింది. ఎక్కడినుంచి వస్తాయి, పాపల కాటా పాడై చాన్నాళ్లయింది, పెద్దవాళ్ల మిషన్ మీద తల్లి పాపని ఎత్తుకుని ఎక్కింది, తర్వాత తల్లి ఒక్కతే ఎక్కింది, తీసేస్తే ఎనిమిది. ముల్లు రెండుసార్లూ గీతకి అటో ఇటో ఉంది, పిల్లకి స్వెట్టరూ డైపరూ ఉన్నాయి. ఆ పద్ధతిలో కేజీ తేడా రావడం మామూలే, ఎనిమిదిలో కేజీ అంటే వందకి పన్నెండున్నర, ఇక లెక్కలో దశాంశం తర్వాత రెండో స్థానందాకా వేసి 0.48 అని రాయడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఆ 0.48నైనా ఎలా కొలుస్తారు అనేది ఆవిడ తర్వాతి ప్రశ్న. 2 ఎంఎల్ సిరంజి మీద గీతలు 0.1కి ఒకటి, 0.48 అంటే 0.5 గీతకి కొంచెం కింద, ఆ కొంచెం ఎంతో సిస్టర్ కంటి చూపుని బట్టి. ఆవిడేమో 250ది మళ్లీ వచ్చాక ఆ వయల్‌లో ఉన్న 2 ఎంఎల్‌కి 8 ఎంఎల్ సెలైన్ కలిపి 10 చేసింది, అప్పుడు ఎంఎల్‌కి 25 ఎంజీ, 60 ఎంజీ కావాలంటే 2.4 ఎంఎల్, 5 ఎంఎల్ సిరంజిలో 0.2 గీతల మీద కచ్చితంగా కూర్చుంటుంది. సిరంజి మీద ప్లాస్టర్ అంటించి "25 ఎంజీ/ఎంఎల్" అని కూడా రాసింది. ఇలా గీత మీద కూర్చునే అంకెలతో పనిచేస్తే ఇక అనుభవానికి విలువేముంటుంది చెప్పండి.

పక్క బెడ్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నా సిద్ధాంతం అక్కడే పుట్టింది. అక్కడ గుండె బలహీనంగా ఉన్న ఇంకో బాబు, అదీ ఎనిమిది కేజీలే. డిగాక్సిన్ రోజుకి కేజీకి 10 మైక్రోగ్రాములు రెండు డోసులుగా, అంటే ఒక్కో డోసు 40 మైక్రోగ్రాములు. సీసా మీద మాత్రం ఎంఎల్‌కి 0.05 ఎంజీ అని ఉంటుంది. డాక్టర్ ఒక యూనిట్‌లో రాస్తారు, కంపెనీ ఇంకో యూనిట్‌లో రాస్తుంది, మధ్యలో వెయ్యితో భాగించేది సిస్టర్. 40 మైక్రోగ్రాములంటే 0.04 ఎంజీ, దాన్ని 0.05తో భాగిస్తే 0.8 ఎంఎల్. చుక్క ఒక స్థానం జరిగి 0.4 అయితే 8 ఎంఎల్.

ఇప్పుడు నా సిద్ధాంతం. మైక్రో గుర్తు సరిగ్గా కనపడక 40 ఎంజీ అని చదివారనుకోండి, అది వెయ్యి రెట్ల తప్పు, దానికి 800 ఎంఎల్ మందు కావాలి, అన్ని సీసాలు ఫార్మసీలో ఉండవు, కాబట్టి అదే పట్టుబడిపోతుంది. పదిరెట్ల తప్పు 8 ఎంఎల్, డ్రాపర్‌తో వేసే మందు ఉగ్గుగిన్నెలో పోయాల్సొస్తే ఎవరో ఒకరికి అనుమానం రావచ్చు, రాకపోవచ్చు కూడా, వాంతులూ నాడి నెమ్మదించడమూ మొదలయ్యాక తప్పకుండా వస్తుంది. కానీ రెండురెట్ల తప్పు ఉంది చూశారా, అది అదే సిరంజిలో పడుతుంది, అదే వయల్‌లో సరిపోతుంది, స్టోర్‌కి అదనంగా ఇండెంట్ పెట్టక్కర్లేదు. కంటికి ఆనని తప్పు ఇదొక్కటే, దీన్ని కాగితం మీద తప్ప ఎక్కడా పట్టుకోలేరు, కాబట్టి కాగితాన్నే నిషేధించాలని నేను అంటున్నాను.

ఇక రెండో సంతకం. దాని పవిత్రత గురించి కొందరికి అపోహలున్నాయి. మన పద్ధతిలో మొదటి సిస్టర్ సిరంజి ఎత్తి "అక్కా, అమికా పాయింట్ ఫోర్ ఎయిట్, కరెక్టేనా" అంటుంది, రెండో సిస్టర్ ఇంకో బెడ్ దగ్గర డ్రిప్ సరిచేస్తూ "ఆఁ కరెక్టే" అంటుంది, సంతకం టీ టైమ్‌లో పడుతుంది. ఇందులో ఇద్దరూ చూసింది ఒకే అంకె, అదీ ఒకరి నోటి నుంచి. ఆ నాలుగో రోజు సిస్టర్ ఏమంటుందంటే, రెండో మనిషికి జవాబు చెప్పకూడదట, బరువూ ఆర్డరూ వయలూ మాత్రమే చేతికిచ్చి విడిగా లెక్క వేసుకోమనాలట, ఇద్దరి జవాబులూ చివర్లో పోల్చాలట. అలా చేయడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, వార్డులో ముప్ఫై మంది పిల్లలు, రాత్రికి ఇద్దరు సిస్టర్లు. ఇద్దరిలో ఒకరు లెక్క వేస్తూ కూర్చుంటే ఏడ్చే పిల్లల్ని ఎవరు చూస్తారు, మూడో సిస్టర్‌ని ఇవ్వమంటారా ఏంటి కొంపదీసి.

అదృష్టవశాత్తూ మేనేజ్‌మెంట్ దీన్ని సీరియస్‌గానే తీసుకుంది. కమిటీ వేశారు, రెండు మీటింగులు పెట్టారు, సమోసాలు బావున్నాయట. కొత్త చార్ట్ ప్రింట్ అయి వచ్చింది, అందులో మూడో సిస్టర్ సంతకానికి కూడా గడి ఉంది. ఏ4 కాగితంలో చోటు సరిపోక బరువు గడి తీసేశారు.