సైన్‌అప్‌లు అరవై, ఆదాయం అక్కడే

"నెలనెలా కొత్త సైన్‌అప్‌లు వస్తుంటే కంపెనీ పెరుగుతున్నట్టే. పాతవాళ్ళు ఎలాగూ ఉంటారు. వాళ్ళ దగ్గర కొత్తగా వచ్చేదేముంది?"

భీమవరం చుట్టుపక్కల ఆక్వా యాప్ పెట్టిన ప్రతి కుర్రాడి నోటా ఇదే మాట. ముందు ఆ "పెరుగుతున్నట్టే" సంగతి చూద్దాం.

ఉదాహరణకి, రొయ్యల చెరువులో రోజూ వేసే మేత, నీటి పరీక్షల లెక్క రాసుకునే యాప్ ఒకటి అనుకోండి. చెరువుకి నెలకి 300 రూపాయలు. పోయిన మార్చిలో 100 మంది రైతులు, 400 చెరువులు, నెలకి 1,20,000. ఏడాదిలో కొత్తగా 60 మంది చేరారు. సంబరమే!

ఆ 60 మందినీ కాసేపు పక్కన పెట్టి, పాత వందమంది ఈ మార్చిలో ఎంత కట్టారో చూడండి. 25 మంది మానేశారు, వాళ్ళతో 100 చెరువులు పోయాయి: 30,000 తగ్గింది. కొందరు ఉన్నారు గానీ 40 చెరువులు తగ్గించుకున్నారు: ఇంకో 12,000. మరో 20 మంది కొత్తగా లీజుకి తీసుకున్న 50 చెరువులు యాప్‌లోకి ఎక్కించారు: 15,000 పెరిగింది. మిగిలింది 93,000. దాన్ని 1,20,000తో భాగిస్తే 77.5 శాతం. నెట్ రెవెన్యూ రిటెన్షన్ అంటే ఇదే.

మరి కొత్త 60 మంది? అందరివీ కలిపి 90 చెరువులు, 27,000. మొత్తం మళ్ళీ 1,20,000. ఏడాదంతా ఊళ్ళు తిరిగి, డెమోలు ఇచ్చి, చిల్లు కుండలో నీళ్ళు పోశారు.

"పాతవాళ్ళ దగ్గర వచ్చేదేముంది" అన్నదానికి జవాబు పై లెక్కలోనే ఉంది. ఆ 15,000 ఎక్స్‌పాన్షన్ రెవెన్యూ. దానికి కొత్త డెమో ఇవ్వలేదు, కొత్త రైతుని ఒప్పించే పని పడలేదు.

అలాగని 77.5 ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఒక పెద్ద రైతు ఇంకో 120 చెరువులు చేర్చాడనుకోండి, 36,000 కలిసి అది 107.5 అయిపోతుంది. పోయిన 25 మంది కంటికే కనపడరు. అందుకే పెరిగినదాన్ని కలపకుండా గ్రాస్ రిటెన్షన్ కూడా తీయాలి: 78,000 బై 1,20,000, 65 శాతం. ఇది ఎప్పటికీ 100 దాటదు.

"పాతవాళ్ళు ఎలాగూ ఉంటారు" అనే భ్రమకి ఇక్కడ ఇంకో కారణం ఉంది. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతారు, ఆ నెలల్లో డబ్బు కట్టరు. దాంతో ఎవరు మానేసినా "పంట లేదులే, మళ్ళీ వస్తాడు" అనిపిస్తుంది. అందుకే పోయిన నెలతో కాదు, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలి. రైతు చివరి ఎంట్రీ కూడా తెరిచి చూడండి. అది పట్టుబడి అయితే చాలావరకు విరామమే. పంట మధ్యలో, మేత రాస్తూ రాస్తూ ఆగిపోయిందా, వెంటనే ఫోన్ చేయండి. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు పోయి ఉండవచ్చు, లేదా లెక్క మళ్ళీ కాగితం పుస్తకంలోకి వెళ్ళిపోయి ఉండవచ్చు.