నలుపే బలం, బావే ప్రమాణం

అనంతపురంలో కాఫీపొడి నాణ్యత తేల్చే అధికారం మా బావది. ఆయన గీటురాయి ఒక్కటే, నలుపు. స్టీలు గ్లాసుకు మరక పట్టిందా, స్ట్రాంగ్. పట్టలేదా, ఉత్త నీళ్లు. ప్యాకెట్ మీద 'కాఫీ 53 శాతం, చికోరీ 47 శాతం' అని ఉంది చూడు బావా అంటే, "రెండూ కలిపితే నూరైంది కదబ్బా, ఇంకేం కావల్ల?" అంటాడు.

చికోరీ అంటే ఒక మొక్క వేరును వేయించి దంచిన పొడి. రంగూ చిక్కదనమూ ఇస్తుంది, కెఫీన్ మాత్రం ఉండదు. చట్టం దాన్ని 49 శాతం దాకా కలపనిస్తుంది. కంపెనీలది ఎంత చట్టభక్తి అంటే, ఆ హద్దు పక్కనే కాపురం పెట్టేశాయి.

పాతూరు కొట్లో బావ ప్యాకెట్ 200 గ్రాములు 160 రూపాయలు. పక్కనే 80:20 ప్యాకెట్, అంతే బరువు, 220. గ్రాము ధర అచ్చు వేయాలన్న రూలు పుణ్యమా అని దీని మీద 80 పైసలు, దాని మీద రూపాయి పది. బావ గెలిచాడు! కానీ ఆయన ప్యాకెట్లో అసలు కాఫీ 106 గ్రాములే. అంటే కాఫీ గ్రాము రూపాయిన్నర పడింది. రెండోదాంట్లో 160 గ్రాములుంది కాబట్టి రూపాయి 38 పైసలే. బావ కప్పుకు వేసే పది గ్రాముల ఖరీదు 8 రూపాయలు. అందులో ఉన్నంత కాఫీ, 80:20 పొడి ఆరున్నర గ్రాముల పైచిలుకు వేస్తే 7 రూపాయల చిల్లరకే వస్తుంది. రంగు తగ్గుతుంది, నిజమే.

ఒప్పుకోడని చల్లటి నీళ్ల గ్లాసు తెచ్చి ఆయన పొడి చిటికెడు పైన చల్లాను. కాఫీ తేలింది. చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి దిగింది. బావ కళ్లద్దాలు సవరించుకుని వంగి చూశాడు. వదినను పిలిచాడు. ఎదురింటాయన్నూ పిలిచాడు. ముగ్గురూ గ్లాసు చుట్టూ చేరాక తీర్పు వచ్చింది: "మునిగిందే గట్టి సరుకు. తేలేది పొట్టు."

బావది సరదా, పోనీ. టీపొడి దగ్గర నాకు నవ్వు రాదు. అదే కొట్లో పావుకిలో 120 రూపాయలు, గ్రాము 48 పైసలు. పది రూపాయల పొట్లంలో 16 గ్రాములు, గ్రాము అరవై రెండున్నర పైసలు. కప్పుకు రెండు గ్రాములనుకుంటే పావుకిలో కొన్నవాడికి 96 పైసలు, పొట్లం కొన్నవాడికి రూపాయి పావలా. ఆ పొట్లం కొనేది ఎవరు? సాయంత్రం కూలి చేతికొస్తే గానీ కొట్టు మెట్టెక్కలేని బేల్దారి. ఒక్కసారిగా 120 తీయలేకపోవడమే వాడి నేరం, దానికి కప్పుకప్పుకూ జరిమానా. పోయినేడు ఇదే పొట్లం 20 గ్రాములుండేది. నాలుగు గ్రాములు కాజేసి, 'అదే ధర' అని పైన ఎర్రక్షరాలతో అచ్చు వేశారు, సిగ్గులేని జనం.